జ్వరం, పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట: పీఐడీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రసూతి, స్త్రీ వ్యాధుల ఓపీలో రోజూ వినే ప్రశ్నలివి. కొన్నింటిని గట్టిగా అడుగుతారు, కొన్నింటిని తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి మెల్లగా అడుగుతారు. రెండో రకానికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

తెల్లబట్ట చాలామందికి అవుతుంది కదా. ఎప్పుడు భయపడాలి?

నెలలో కొన్ని రోజులు నీళ్లలాగా, గుడ్డు తెల్లసొన లాగా తెల్లబట్ట కావడం సహజం. దానికి వాసన ఉండదు, దురద ఉండదు. దానివల్ల ఎముకలు కరిగిపోతాయన్న మాటలో నిజం లేదు. ‘వేడి చేసింది’ అని సబ్జా గింజలు నానబెట్టి తాగితే వచ్చే నష్టమూ లేదు, ఒంట్లో ఇన్ఫెక్షన్ లేనంతవరకు.

లెక్క మారేది మూడు కలిసినప్పుడు. స్రావం పసుపుగానో పచ్చగానో మారి వాసన రావడం, బొడ్డు కింద రెండు వైపులా సలుపు, దానికి తోడు జ్వరం. మూడూ ఒకేసారి రావాలని కూడా లేదు. జ్వరం లేకుండా నొప్పితోనే మొదలయ్యేవాళ్లు చాలామంది. కలయిక సమయంలో లోపల పొడిచినట్టు నొప్పి, నెలసరి మధ్యలో మచ్చలు కనపడటం, నడిచేటప్పుడు పొత్తికడుపు పట్టుకుని నడవాల్సి రావడం, ఇవన్నీ అదే కథలోని ముక్కలు. ఇలా ఉంటే ఆ రోజో మరుసటి రోజో డాక్టరుకు చూపించుకోవాలి. ‘వచ్చే నెలసరి దాకా చూద్దాం’ అనుకునే జబ్బు కాదు ఇది.

పీఐడీ అంటే అసలేమిటి?

యోనిలో ఎప్పుడూ సూక్ష్మజీవులు ఉంటాయి. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిక్కటి జిగురు ఒక బిరడాలా పనిచేసి వాటిని పైకి పోనివ్వదు. ఆ అడ్డు దాటి సూక్ష్మజీవులు గర్భసంచిలోకి, అక్కడినుంచి ఫెలోపియన్ ట్యూబుల్లోకి, అండాశయాల చుట్టూ ఎక్కడాన్ని పెల్విక్ ఇన్‌ఫ్లమేటరీ డిసీజ్ అంటారు. పొడుగు పేరు కాబట్టి ఓపీలో అందరూ పీఐడీ అంటారు.

ఇందులో గర్భసంచి పరిస్థితి నయం. ప్రతి నెలా లోపలి పొర రాలిపోయి కొత్తది వస్తుంది కాబట్టి త్వరగా కోలుకుంటుంది. ట్యూబులకు ఆ సౌకర్యం లేదు. ఒక్కో ట్యూబు పది, పన్నెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. గర్భసంచిలో కలిసే చోట లోపలి దారి మిల్లీమీటరు కంటే సన్నం. ఆ దారి గోడలకు సన్నటి నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్టు ఆ నూగు ఒకే దిశలో ఊగుతూ అండాన్ని గర్భసంచి వైపు నెడుతుంది. వాపు వచ్చినప్పుడు ఆ నూగు రాలిపోతుంది, గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అవతలి చివర వేళ్లలా విచ్చుకుని ఉండే కుచ్చు ముడుచుకుని మూసుకుపోతే, లోపల నీరు నిండి ట్యూబు సాసేజ్ ముక్కలా ఉబ్బుతుంది. దాన్ని హైడ్రోసాల్పింక్స్ అంటారు. మందులు సూక్ష్మజీవిని చంపగలవు. రాలిన నూగును తిరిగి మొలిపించలేవు. ఈ జబ్బులో తొందర అంతా ఇందుకే.

ఇది ఎలా వస్తుంది? మా ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు.

ఈ ప్రశ్న వెనక ఒక భయం ఉంటుంది: డాక్టరు పీఐడీ అన్నాడంటే ఇంట్లో గొడవే. అందుకే నిదానంగా చెప్పాలి.

కలయిక ద్వారా సంక్రమించే క్లమీడియా, గనేరియా ముఖ్యమైన కారణాలు. కానీ అవి మాత్రమే కారణం కాదు. యోనిలో సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతుల్యం చెడి బ్యాక్టీరియల్ వెజైనోసిస్ వచ్చినప్పుడు, అక్కడి సూక్ష్మజీవులే పైకి ఎక్కవచ్చు. కాన్పు తర్వాత, అబార్షన్ తర్వాత, గర్భసంచి లోపల శుభ్రం చేసే డీ అండ్ సీ చేశాక, కాపర్-టి వేసిన తొలి మూడు వారాల్లో ముఖద్వారపు అడ్డు తాత్కాలికంగా తెరుచుకుంటుంది కాబట్టి అప్పుడూ రావచ్చు. ఇంట్లో మాత్రలు మింగి గర్భం పోగొట్టుకున్నాక ముక్కలు లోపల మిగిలిపోయి వచ్చిన కేసులు మాకు కొత్త కాదు. చాలా కేసుల్లో ఏ సూక్ష్మజీవి కారణమో పరీక్షల్లో తేలనే తేలదు.

ఇంకో సంగతి. క్లమీడియా ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఏ లక్షణమూ లేకుండా నెలల తరబడి ఉండిపోగలదు. పరీక్షలో అది బయటపడితే అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ కాగితం చెప్పదు. పెళ్లికి ముందుదీ కావచ్చు. కాగితం చూసి తీర్పు చెప్పవద్దని ఇద్దరినీ కూర్చోబెట్టి చెబుతాను.

ఒక ఉదాహరణ చెప్పగలరా? అసలు కేసు ఎలా నడుస్తుంది?

గుర్తు పట్టడానికి వీలు లేకుండా ఇద్దరు ముగ్గురి వివరాలు కలిపి చెబుతున్నాను.

ఆమెకు 25 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లు, ఇంకా పిల్లలు లేరు. నెలసరి ఆగిన మూడో రోజున పొత్తికడుపులో సలుపు మొదలైంది. అత్తగారు వేడి అన్నారు. రెండో రోజు మందుల షాపులో దురదకు ఇచ్చే ఫంగస్ మాత్ర, ఒక పారాసిటమాల్ అట్ట ఇచ్చారు. జ్వరం మాత్ర వేసినప్పుడల్లా తగ్గి మళ్లీ వచ్చింది. నాలుగో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ మూత్ర పరీక్ష రాశారు. అందులో చీము కణాలు కొద్దిగా కనిపించాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మూడు రోజుల మాత్రలు ఇచ్చారు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. యోని స్రావం మూత్రంలో కలిసినా చీము కణాలు కనిపిస్తాయి. మూత్రం పోసేటప్పుడు మంట లేకుండా పొత్తికడుపు నొప్పి మాత్రమే ఉంటే ఆ రిపోర్టును అనుమానంగా చూడాలి.

ఆరో రోజు మా దగ్గరికి వచ్చింది. జ్వరం 102 డిగ్రీలు, నాడి 110. నడుము వంచి, ఒక చేయి పొట్ట మీద పెట్టుకుని నడుస్తోంది. ముందుగా గర్భ పరీక్ష చేశాం, లేదని తేలింది. లోపల చూస్తే ముఖద్వారం నుంచి పసుపు చీము కారుతోంది. వేలితో ముఖద్వారాన్ని మెల్లగా పక్కకు కదిపేసరికి మంచం మీద నుంచి లేచిపోబోయింది. స్కానింగ్‌లో గర్భసంచి వెనక కొద్దిగా నీరు తప్ప ఏమీ లేదు. రక్త పరీక్షలో వాపును సూచించే సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉంది. స్రావాన్ని క్లమీడియా, గనేరియా పరీక్షలకు పంపి, ఫలితం కోసం ఆగకుండా ఆ సాయంత్రమే ఇంజెక్షన్, మాత్రలు మొదలుపెట్టాం. వాంతులు లేవు, మాత్రలు నిలుస్తున్నాయి కాబట్టి ఇంటికి పంపి మూడో రోజు రమ్మన్నాం.

మూడో రోజు జ్వరం లేదు, నిటారుగా నడిచి వచ్చింది. అంతలో క్లమీడియా ఉందని ఫలితం వచ్చింది. భర్తను పిలిపించాం. ఆయన ‘నాకేమీ లేదు’ అన్నారు. అందరూ అదే అంటారు. దాని సంగతి కింద చెబుతాను.

స్కానింగ్ నార్మల్ అన్నారు. అయినా మందులు ఎందుకు వేసుకోవాలి?

స్కానింగ్‌లో కనిపించేది చీము గడ్డ, బాగా ఉబ్బిన ట్యూబు. ట్యూబు లోపలి పొరకు మొదటి రోజుల్లో వచ్చే వాపు చాలాసార్లు కనిపించదు. కనిపించేదాకా ఆగడమంటే ట్యూబు చెడిపోయేదాకా ఆగడమే.

అందుకే పీఐడీని నిర్ధారించేది ప్రధానంగా డాక్టరు వేళ్లు. కలయిక జీవితం ఉన్న స్త్రీకి పొత్తికడుపు నొప్పి ఉండి, వేరే కారణం దొరక్కుండా, ముఖద్వారం కదిపినప్పుడు గాని, గర్భసంచిని నొక్కినప్పుడు గాని, పక్కల నొక్కినప్పుడు గాని నొప్పి వస్తే చాలు, చికిత్స మొదలుపెట్టవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ మూడింటిలో ఒక్కటి చాలు. 101 డిగ్రీలు దాటిన జ్వరం, చీము స్రావం, పెరిగిన సీఆర్‌పీ నమ్మకాన్ని పెంచుతాయి. అవి లేవని జబ్బు లేదనలేం. ఇలా చేస్తే అవసరం లేనివాళ్లు కొందరు రెండు వారాలు మాత్రలు మింగుతారు. ఆ నష్టం కంటే మిగిలినవారి ట్యూబులు ముఖ్యమన్నదే ఇక్కడి లెక్క, నేనూ దానితోనే ఏకీభవిస్తాను.

లోపల చేయి పెట్టి చూడకుండా కేవలం స్కానింగ్ కాగితం చూసి ‘ఏమీ లేదు’ అని పంపితే, ఇంకోచోట చూపించుకోండి.

మందులు ఏమిటి? ఎన్ని రోజులు?

సాధారణంగా మూడు రకాలు కలిపి ఇస్తారు, ఎందుకంటే ఏ సూక్ష్మజీవో తెలియకుండానే అన్నింటినీ కొట్టాలి. గనేరియాకు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ ఒకసారి. క్లమీడియాకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు 14 రోజులు. గాలి అవసరం లేని సూక్ష్మజీవులకు మెట్రోనిడజోల్ రోజుకు రెండుసార్లు 14 రోజులు. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఇంజెక్షన్‌కు బదులు సెఫిక్సిమ్ మాత్ర కలిపి పసుపు రంగు కిట్‌గా ఉచితంగా ఇస్తూ వచ్చారు. మోతాదులు తెలియడం కోసం రాశాను, షాపులో అడిగి కొనుక్కోవడానికి కాదు. గర్భవతులకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు, అందుకే గర్భ పరీక్ష ముందు.

ఇక్కడ చెడేది ఎక్కువగా ఐదో రోజు. నొప్పి పోతుంది, మెట్రోనిడజోల్‌తో నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది, అన్నం సహించదు. ‘తగ్గింది కదా’ అని ఆపేస్తారు. 14 రోజులూ పూర్తి కావాలి. రెండు మాత్రలూ అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు. రాత్రి పడుకునే ముందు గుక్కెడు నీళ్లతో మింగితే గొంతు కింద ఇరుక్కుని పుండు పడుతుంది, గుండెనొప్పి అనుకుని పరుగెత్తుకొచ్చిన వాళ్లున్నారు. రక్తహీనతకు ఐరన్ మాత్ర వేసుకునేవారు దాన్నీ డాక్సీసైక్లిన్‌నూ కలిపి వేసుకోవద్దు, రెండింటి మధ్య రెండు మూడు గంటలు తేడా ఉండాలి. లేకపోతే ఐరన్ ఆ మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు.

డెటాల్ నీళ్లు, వెజైనల్ వాష్‌లతో లోపల కడగవద్దు. అది కింద ఉన్నదాన్ని పైకి తోయడమే.

ఎప్పుడు ఆసుపత్రిలో చేరాలి?

మాత్రలు వాంతి అయిపోతుంటే, జ్వరం బాగా ఎక్కువగా ఉండి మనిషి నీరసపడితే, గర్భవతి అయితే, స్కానింగ్‌లో చీము గడ్డ కనిపిస్తే, అపెండిక్స్ లాంటి ఆపరేషన్ అవసరమయ్యే జబ్బు కాదని తేల్చలేకపోతే చేర్చుకుంటారు. మాత్రలు మొదలుపెట్టి మూడు రోజులైనా జ్వరం, నొప్పి తగ్గకపోయినా అంతే. అందుకే మూడో రోజు తప్పనిసరిగా చూపించుకోవాలి. బాగున్నా సరే.

తేలిక, మధ్యస్థ కేసుల్లో ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకుంటే ట్యూబులు ఎక్కువ భద్రంగా ఉంటాయన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. అమెరికాలో 800 మందికి పైగా స్త్రీలతో చేసి 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇంట్లో మందులు వాడినవారికీ, ఆసుపత్రిలో చేరినవారికీ తర్వాత గర్భం రావడంలో తేడా కనపడలేదు. తేడా తెచ్చేది మంచం కాదు, ఎంత త్వరగా మొదలుపెట్టారన్నది.

రెండు సందర్భాల్లో మాత్రం అర్ధరాత్రైనా బయలుదేరాలి. మొదటిది, నెలసరి తప్పి ఒకవైపు కడుపునొప్పి, కళ్లు తిరగడం. ట్యూబులో పిండం పెరిగి పగిలితే ఇలాగే ఉంటుంది. రెండోది, చీము గడ్డ ఉందని తెలిసినవారికి ఒక్కసారిగా కడుపంతా నొప్పి పాకి పొట్ట పలకలా గట్టిపడటం.

భర్తకు ఏ లక్షణమూ లేదు. ఆయనకెందుకు మందులు?

పైన చెప్పినట్టు మగవాళ్లలో క్లమీడియా చాలాసార్లు నోరెత్తదు. ఆయనకు మందు ఇవ్వకుండా ఆమెకు రెండు వారాలు మందులు వాడటం, కుళాయి కట్టకుండా నేల తుడవడం లాంటిది. నొప్పి మొదలవడానికి ముందు 60 రోజుల్లో కలిసినవారికి పరీక్ష, చికిత్స అవసరం. ఇద్దరి మందులూ పూర్తయి, నొప్పి పోయేదాకా కలయిక వద్దు.

ఆచరణలో ఇదే కష్టం. ఆమె మందులు తెచ్చుకుంటుంది, ఆయనకు మాత్రం చెప్పలేకపోతుంది. కాబట్టి మేం చీటీ మీద జబ్బు పేరు రాయకుండా ‘దంపతులిద్దరికీ ఇన్ఫెక్షన్ కోర్సు’ అని చెప్పి ఇద్దరినీ కలిపి పిలుస్తాం. అబద్ధం కాదు, గొడవా లేదు. క్లమీడియా, గనేరియా తేలినవారిని మూడు నెలలకు మళ్లీ పరీక్షిస్తాం. మొదటి మందు పనిచేయలేదని కాదు, మళ్లీ అంటుకోవడం అంత మామూలు కాబట్టి. వీటితోపాటు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఒకసారి చేయించడం మంచిది.

ఒకసారి వచ్చింది. ఇక నాకు పిల్లలు పుట్టరా?

పుడతారు, ఒకసారి వచ్చిన వారిలో అత్యధికులకు. ఈ మాట ముందుగా చెప్పకపోతే తర్వాత చెప్పేదేదీ చెవికెక్కదు.

దీనికి ఆధారంగా ఇప్పటికీ అందరూ చూపించేది స్వీడన్‌లోని లుండ్ నగరంలో జరిగిన పరిశోధన. అక్కడ 1960 నుంచి 1984 దాకా పీఐడీ అనుమానంతో వచ్చిన స్త్రీలకు లాపరోస్కోపీ చేసి, ట్యూబులను కళ్లారా చూసి నిర్ధారించి, ఏళ్ల తరబడి గమనించారు. నిర్ధారణ అయినవారు 1,844 మంది. 1992లో వచ్చిన ఫలితాల ప్రకారం, ట్యూబులు మూసుకుపోవడం వల్ల పిల్లలు కలగనివారు, జబ్బు ఒకసారి వచ్చిన వారిలో 8 శాతం. రెండుసార్లు వచ్చినవారిలో దాదాపు 20 శాతం. మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు వచ్చినవారిలో 40 శాతం.

ఆ మెట్లు చూడండి. ప్రతి దాడికీ ప్రమాదం రెట్టింపో, అంతకంటే ఎక్కువో అవుతోంది. ట్యూబు గోడ మీద ఒకసారి మచ్చ పడితే రెండోసారి అక్కడే త్వరగా అతుక్కుంటుంది. కాబట్టి మొదటిసారి వచ్చినవాళ్లు అడగాల్సింది రెండోది రాకుండా ఏం చేయాలని. జవాబు పైన చెప్పిందే: భర్త చికిత్స, మూడు నెలల పరీక్ష, కొత్త భాగస్వామితో కండోమ్.

ఎంత తీవ్రంగా వచ్చిందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒకేసారి వచ్చినా, ట్యూబుల్లో స్వల్ప వాపు మాత్రమే ఉన్నవారిలో ఒక శాతం కూడా ఇబ్బంది పడలేదు. తీవ్రంగా ఉన్నవారిలో ఐదింట ఒకరికి పైగా పడ్డారు. ఇది స్వీడన్ లెక్క, పాత కాలపు మందుల లెక్క. మన దగ్గర ఇవే శాతాలు అని ఎవరూ చెప్పలేరు, కానీ మెట్ల ఆకారం మారదు.

ఆలస్యమైతే నిజంగా అంత తేడా ఉంటుందా?

అదే స్వీడన్ స్త్రీల వివరాలను తీసుకుని 1993లో ఇంకో విశ్లేషణ చేశారు. నొప్పి మొదలయ్యాక మూడు రోజుల్లోపు వచ్చినవారితో పోలిస్తే, తర్వాత వచ్చినవారిలో సంతానలేమి లేదా ట్యూబులో గర్భం వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు కనిపించింది. క్లమీడియా ఉన్నవారిలో ఈ తేడా మరీ స్పష్టం. ఆ సూక్ష్మజీవి నేరుగా చేసే హాని కంటే, దాన్ని తరమడానికి మన ఒంటి రక్షణ వ్యవస్థ రోజుల తరబడి చేసే యుద్ధమే ట్యూబును ఎక్కువ చెడగొడుతుంది.

పై కేసులో ఆమె ఆరో రోజు వచ్చింది. ఫంగస్ మాత్రకు రెండు రోజులు, మూత్రం మందుకు రెండు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజుల గురించి ఆమెకు అప్పుడు ఏమీ అనలేదు. అని ప్రయోజనం లేదు.

ట్యూబులు దెబ్బతిన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

వెంటనే తెలుసుకోవాల్సిన పని లేదు. జ్వరం తగ్గిన వారంలోనే ‘ట్యూబ్ టెస్ట్’ చేయించమని వచ్చేవాళ్లున్నారు. ఇన్ఫెక్షన్ ఉండగా ఆ పరీక్ష చేస్తే చీమును పైకి నెట్టినట్టవుతుంది.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు మాత్రం మామూలువాళ్లలా ఏడాది ఆగకండి. పీఐడీ వచ్చిందని డాక్టరుకు మొదటి రోజే చెప్పండి. ముందుగానే హెచ్‌ఎస్‌జీ అనే ఎక్స్‌రే పరీక్ష చేయిస్తారు. నెలసరి ఆగాక, అండం విడుదలకు ముందు గర్భసంచిలోకి రంగు మందు పంపి, అది రెండు ట్యూబుల చివర నుంచి కడుపులోకి జారిందా అని చూస్తారు. ఐదు పది నిమిషాలు నెలసరి నొప్పిలా ఉంటుంది. భయంతో కండరం బిగుసుకున్నా ట్యూబు మూసుకున్నట్టే కనపడుతుంది. కాబట్టి ఒక్క హెచ్‌ఎస్‌జీతో ‘రెండూ బ్లాక్’ అన్నారని కుంగిపోవద్దు. సందేహముంటే లాపరోస్కోపీతో నేరుగా చూస్తారు.

ఇంకో విషయం మన దేశానికి ముఖ్యం. జ్వరం, నొప్పి ఎప్పుడూ రాకుండానే ట్యూబులు మూసుకుపోయి ఉంటే జననాంగాల క్షయను కూడా అనుమానించాలి. దానికి పరీక్షలు వేరు, ఆరు నెలల మందులు వేరు.

రెండు ట్యూబులూ పనికిరాకపోతే ఐవీఎఫ్ ఉంది, అది ట్యూబును తప్పించుకుని వెళ్లే దారి. ఒక జాగ్రత్త. ట్యూబుల్లో నీరు నిండి ఉబ్బి ఉంటే ఆ నీరు గర్భసంచిలోకి కారి పిండం అంటుకోవడాన్ని చెడగొడుతుంది. ఆ ట్యూబును ముందుగా తీసేసి గాని, క్లిప్పు పెట్టి గాని ఐవీఎఫ్‌కు వెళితే ఫలితం మెరుగవుతుంది. ఈ మాట చెప్పకుండా నేరుగా ఐవీఎఫ్ ప్యాకేజీ చెప్పేచోట ఈ ప్రశ్న మీరే అడగండి.

గర్భం వస్తే ప్రత్యేకంగా జాగ్రత్త పడాలా?

పడాలి, ఒక్క విషయంలో. ట్యూబు పూర్తిగా మూసుకుపోకుండా సగం దెబ్బతింటే అండం ఫలదీకరణ చెందుతుంది గాని గర్భసంచి దాకా రాలేక దారిలోనే ఇరుక్కుంటుంది. లుండ్ పరిశోధనలో జబ్బు తర్వాత వచ్చిన మొదటి గర్భాల్లో దాదాపు 9 శాతం ట్యూబులో పడ్డాయి. జబ్బు లేనివారిలో అది ఒకటిన్నర శాతం లోపే. కాబట్టి ఇంట్లో కిట్ మీద రెండు గీతలు కనపడగానే డాక్టరుకు చెప్పి, ఆరో వారంలో స్కానింగ్ చేయించాలి. పిండం గర్భసంచిలో ఉందని కళ్లతో చూసేదాకా స్వీట్లు పంచవద్దని మా దగ్గరకు వచ్చేవారికి చెబుతుంటాను. పై కేసులోని ఆమెకు ఏడాదిన్నర తర్వాత గర్భం వచ్చింది. స్కానింగ్ గదిలో ‘లోపలే ఉందా’ అన్నదే మొదటి ప్రశ్న. లోపలే ఉంది.

కాపర్-టి ఉంది. తీసేయాలా?

వెంటనే అవసరం లేదు. మందులు మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లో తగ్గుతుంటే ఉంచుకోవచ్చు. తగ్గకపోతే తీస్తారు.

నొప్పి ఆగడం లేదు. గర్భసంచి తీసేస్తే పోతుందన్నారు.

ఇరవై ముప్పై ఏళ్ల స్త్రీలకు తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పికి గర్భసంచి తీసేయడం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత మామూలైపోయిందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఈ విషయంలో దేశంలో ముందు వరుసలో ఉన్నది మనమే. ‘పిల్లలు పుట్టేశారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది, ఇంక ఆ సంచి ఎందుకు’ అన్న వాదన వినిపిస్తుంది.

పీఐడీకి మొదటి చికిత్స మాత్రలు. తెల్లబట్టకు కత్తి కాదు. పీఐడీ తర్వాత కొందరిలో నెలల తరబడి నొప్పి మిగిలిపోతుంది, నిజమే. లోపల అతుకులు కారణం కావచ్చు, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ కావచ్చు, పేగులు కావచ్చు. కారణం తేల్చకుండా సంచి తీసేశాక అదే నొప్పితో తిరిగొచ్చినవారిని చూశాను. సలహా ఇచ్చినవారిని రెండు ప్రశ్నలు అడగండి: 14 రోజుల పూర్తి కోర్సు, భర్తకు చికిత్స జరిగాయా? తీసేయడానికి రాతపూర్వకంగా ఏ కారణం చూపిస్తున్నారు? ఆ తర్వాత ఇంకో డాక్టరును కలవండి. తొందరపడాల్సిన ఆపరేషన్ చీము గడ్డ పగిలినప్పుడు ఉంటుంది, మామూలుగా కాదు.

పెళ్లి కాలేదు. అమ్మతో కలిసి వస్తే ఎలా చెప్పను?

డాక్టరు పరీక్ష గదిలోకి మిమ్మల్ని ఒక్కరినే పిలుస్తారు. పిలవకపోతే ‘ఒంటరిగా మాట్లాడాలి’ అని నర్సుతో చెప్పండి. కలయిక జరిగిందా, చివరి నెలసరి ఎప్పుడు, మాత్రలతో గర్భం పోగొట్టుకున్నారా అన్న మూడు జవాబులు నిజం చెబితే చాలు, మిగతా వివరాలు మాకు అక్కర్లేదు. మీకు పద్దెనిమిదేళ్లు నిండితే ఆ మాటలు మీ అనుమతి లేకుండా ఇంట్లోవారికి చెప్పకూడదు. ఆ మూడు జవాబులూ దాస్తే అపెండిక్స్ అనుకుని పొట్ట కోసి చూసే పరిస్థితి కూడా వస్తుంది.